ఫాస్ఫేట్ నుంచి జిర్కోనియంకు: వెనక్కి రావడం కూడా రాసి పెట్టిన ఒక చేంజ్ రిక్వెస్ట్

ఇది ఒక పౌడర్ కోటింగ్ లైన్ కేసు. మైల్డ్ స్టీల్ బ్రాకెట్లు, చిన్న ఫ్రేములు చేసే ఫ్యాక్టరీ. పేరు, కొనుగోలుదారు, భాగాల వివరాలు తీసేశాను. కొన్ని అంకెలను గుర్తుపట్టకుండా కాస్త అటూఇటూ చేశాను. ప్రాసెస్ ఇంజనీర్‌గా నన్ను పిలిచింది మొదటి ప్రయత్నం విఫలమయ్యాక. మార్పుకి అనుమతి కోరే పత్రం, అంటే చేంజ్ రిక్వెస్ట్, రెండోసారి రాయించడం నా పని.

పెయింట్ వేసే ముందు ఇనుము మీద ఒక రసాయన పొర కట్టాలి, లేకపోతే పెయింట్ పట్టదు, తుప్పు లోపలికి పాకుతుంది. ఈ లైన్‌లో పాతికేళ్లుగా జింక్ ఫాస్ఫేట్ వాడుతున్నారు. కన్వేయర్‌కి వేలాడే భాగాలు ఒక పొడవాటి టన్నెల్‌లోంచి పోతుంటే వరుసగా జిడ్డు తీసే ద్రావణం, కడుగు నీళ్లు, యాక్టివేషన్, ఫాస్ఫేట్, మళ్లీ కడుగు నీళ్లు స్ప్రే అవుతాయి. ఆ తర్వాత ఆరబెట్టే ఓవెన్, పౌడర్ బూత్, 190 డిగ్రీల దగ్గర క్యూరింగ్.

దీన్ని జిర్కోనియం పొరకు మార్చాలనుకోవడానికి కారణాలు గట్టివే. ఫాస్ఫేట్ బాత్‌ని 50 డిగ్రీల దగ్గర ఎప్పుడూ వేడిగా ఉంచాలి. అడుగున స్లడ్జ్ పేరుకుంటుంది, నాజిళ్లు మూసుకుపోతాయి, పక్షానికోసారి లైన్ ఆపి గోకాలి. బాత్‌లో నికెల్ ఉంటుంది కాబట్టి వ్యర్థ నీటి శుద్ధికి తలనొప్పి. జిర్కోనియం బాత్ గది ఉష్ణోగ్రతలోనే పనిచేస్తుంది, స్లడ్జ్ చాలా తక్కువ, యాక్టివేషన్ దశే అక్కర్లేదు. కాగితం మీద చూస్తే వద్దనడానికి ఏమీ కనిపించదు.

మొదటి చేంజ్ రిక్వెస్ట్‌ని నేను తర్వాత చదివాను. అది నిర్లక్ష్యంగా రాసింది కాదు. ప్రతి విభాగానికీ ఒక గడి ఉంది, ప్రతి గడిలో సంతకం ఉంది. ప్రొడక్షన్: ప్రభావం లేదు, లైన్ వేగం అదే. క్వాలిటీ: సరఫరాదారు పరీక్షలో ఉప్పునీటి తుంపరలో ఉంచి తుప్పు చూసే 500 గంటల సాల్ట్ స్ప్రే పాసైంది. మెయింటెనెన్స్: పని తగ్గుతుంది. పర్యావరణం: మెరుగుపడుతుంది. రోల్‌బ్యాక్ గడిలో ఒకే వాక్యం: "సాల్ట్ స్ప్రేలో ఫెయిలైతే పాత ఫాస్ఫేట్ పద్ధతికి తిరిగి వెళ్తాం."

సరఫరాదారు పరీక్ష అంటే, ఫ్యాక్టరీ నుంచి కొన్ని బ్రాకెట్లను వాళ్ల పైలట్ లైన్‌కి పంపి, అక్కడ జిర్కోనియం వేయించి తెప్పించడం. సొంత టన్నెల్‌లో ట్రయల్ చేయడం కుదరదు, ఎందుకంటే జిర్కోనియం బాత్‌కి ఫాస్ఫేట్ తగిలితే పొర సరిగా కట్టదు. టన్నెల్ గోడల మీద, పైపుల్లో పాతికేళ్ల ఫాస్ఫేట్ పొలుసు ఉంది. దాన్ని యాసిడ్‌తో కరిగించాకే కొత్త బాత్ నింపాలి. అంటే ఈ మార్పులో చిన్నగా మొదలుపెట్టి చూడటం అనేది లేదు. ట్రయల్ మొదలైన రోజే పాత పద్ధతి పోతుంది. ఈ ఒక్క విషయం మీదే రోల్‌బ్యాక్ ప్లాన్ మొత్తం నిలబడాలి, కానీ అది పత్రంలో ఎక్కడా లేదు.

వారాంతంలో లైన్ ఆపారు. పాత ఫాస్ఫేట్ బాత్‌ని కాస్త కాస్తగా శుద్ధి ప్లాంట్‌కి వదిలేశారు, టన్నెల్‌ని యాసిడ్‌తో కడిగారు, జిర్కోనియం నింపారు. సోమవారం లైన్ చక్కగా నడిచింది. పెయింట్ మీద గళ్లు కోసి టేపుతో లాగే క్రాస్ కట్ పరీక్షలో ఒక్క చదరం కూడా ఊడలేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

వారం మధ్యలో పౌడర్ బూత్ దగ్గర ఒక హ్యాంగర్ ఇరుక్కుని కన్వేయర్ పావుగంట పైగా ఆగింది. మళ్లీ నడిచాక ఓవెన్ నుంచి వచ్చిన భాగాల్లో కొన్నింటిని షిఫ్ట్ ఇన్‌చార్జ్ పక్కకు తీశాడు. ఆయన నాకు చెప్పింది ఇది: "వేలితో రాస్తే పసుపు పొడి అంటిందండీ. ఫాస్ఫేట్ రోజుల్లో లైన్ ఆగితే బూడిద రంగు పొడి రాలేది గానీ, తుప్పు ఎప్పుడూ చూడలేదు."

అది ఫ్లాష్ రస్ట్. జిడ్డు పూర్తిగా పోయిన ఇనుము, తడిగా, టన్నెల్ లోపలి వెచ్చటి తేమలో నిలబడితే నిమిషాల్లో తుప్పు పడుతుంది. జింక్ ఫాస్ఫేట్ చదరపు మీటరుకు గ్రాముల లెక్కన కట్టే మందమైన స్ఫటిక పొర. ఆ దశ దాటిన భాగాన్ని అది కొంతసేపు కాపాడుతుంది. జిర్కోనియం పొర బరువు చదరపు మీటరుకు పదుల మిల్లీగ్రాములే. రక్షణ అంతా పెయింట్‌తో కలిసాకే గానీ, దానంతట అది తడి ఇనుముని కాపాడలేదు. పైలట్ లైన్‌లో ఇది ఎందుకు కనిపించలేదంటే, అక్కడ పంపిన బ్రాకెట్లు ఆగకుండా సాఫీగా వెళ్లిపోయాయి.

ఇప్పుడు చిక్కు వచ్చింది. పత్రం ప్రకారం రోల్‌బ్యాక్ చేయాలంటే సాల్ట్ స్ప్రే ఫెయిలవ్వాలి. 500 గంటల పరీక్ష అంటే దాదాపు 21 రోజులు. సోమవారం భాగాలు అప్పుడే చాంబర్‌లోకి వెళ్లాయి. ఆ పసుపు పొడి మీద పెయింట్ వేసినా క్రాస్ కట్ పాసవుతోంది, ఎందుకంటే ఆ పరీక్ష ఆ రోజు పట్టుని చూస్తుంది, తుప్పు పాకడాన్ని చూడదు. ప్రొడక్షన్ వాళ్లు "ప్లాన్‌లో రాసింది జరగలేదు కదా, నడుపుదాం" అన్నారు. క్వాలిటీ వాళ్లు "ఇది కళ్ల ముందు తుప్పు" అన్నారు. ఇద్దరి చేతిలోనూ అదే పత్రం. రోజున్నర వాదన తర్వాత ప్లాంట్ హెడ్ ఆపమన్నాడు.

ఆపాక తెలిసింది, తిరిగి వెళ్లడానికి ఏమీ మిగల్లేదని. పాత బాత్ శుద్ధి ప్లాంట్‌లో కలిసిపోయింది. కొత్త ఫాస్ఫేట్ గాఢ ద్రావణం ఆర్డర్ పెట్టాలి, రావాలి, బాత్ కట్టాలి, వేడి చేయాలి, ఫ్రీ యాసిడ్, టోటల్ యాసిడ్, చర్యని వేగం చేసే యాక్సిలరేటర్ మూడూ సర్దుకునేదాకా డమ్మీ భాగాలు నడపాలి. వారం పైనే పోయింది. మూడు వారాలకు సాల్ట్ స్ప్రే ఫలితం వచ్చింది. లైన్ ఆగకుండా నడిచినప్పటి భాగాలు పాస్, టన్నెల్‌లో నిలబడిపోయినవి పరీక్ష కోసం పెయింట్ మీద గీసిన గీత దగ్గర లోపల తుప్పు పాకి ఫెయిల్. రసాయనం మంచిదేనని, లైన్ ఆగే పరిస్థితినే ఎవరూ లెక్కలోకి తీసుకోలేదని అప్పుడు రూఢి అయింది.

నేను వచ్చాక మొదట మార్చింది ఇంపాక్ట్ ఎనాలిసిస్ చేసే తీరు. విభాగాల గడులు తీసేశాను. విభాగాన్ని "మీ మీద ప్రభావం ఉందా" అని అడిగితే తనకు తెలిసిన మామూలు రోజుని ఊహించుకుని లేదంటుంది. దానికి బదులు ఒక బ్రాకెట్ వెంట టన్నెల్ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాం. ప్రతి దశ దగ్గరా లైన్ ఉండగల నాలుగు స్థితులు అడిగాం: నడుస్తున్నప్పుడు, ఆగినప్పుడు, ఆగి మళ్లీ కదిలినప్పుడు, వారాంతం తర్వాత మొదలైనప్పుడు. చార్ట్ పెద్దదే అయింది, కానీ గడుల్లో ఎక్కువ భాగం నిమిషంలో నిండిపోయాయి. మిగిలినవే అసలు పని.

అలా బయటపడిన వాటిలో మూడు చెప్తాను.

మొదటిది ఆగడం. ఎంతసేపు ఆగితే ఎంత నష్టమో ఎవరికీ తెలియదు కాబట్టి సరఫరాదారు పైలట్ లైన్‌లోనే, కానీ ఈసారి కావాలని ఆపి చూశాం. జిడ్డు తీసి కడిగిన ప్యానెళ్లను 2, 5, 10, 15 నిమిషాలు తడిగా వేలాడదీసి, తర్వాత జిర్కోనియం వేయించాం. 5 నిమిషాల దాకా ఏమీ లేదు. 10 దగ్గర అంచుల్లో మసక. 15 దగ్గర వేలికి రంగు అంటింది. మధ్యలో సన్నటి నీటి తుంపర కొడుతూ ఉంచిన ప్యానెళ్లు 15 నిమిషాలకూ శుభ్రంగా ఉన్నాయి. అందుకే దశల మధ్య ఖాళీల్లో, కన్వేయర్ ఆగగానే తమంతట తామే తెరుచుకునే మిస్ట్ నాజిళ్లు పెట్టడం చేంజ్ రిక్వెస్ట్‌లో భాగమైంది. తుంపర ఉన్నా సరే, 10 నిమిషాలు దాటి ఆగితే టన్నెల్‌లో ఉన్న ప్రతి భాగానికీ ఎర్ర ట్యాగ్ కట్టి, జిడ్డు తీసే దశ నుంచి మళ్లీ తిప్పాలని రాశాం. 15 దాకా బాగుందని తెలిసీ 10 దగ్గర గీత గీయడానికి కారణం ఉంది: పైలట్ లైన్ గాలి, ఈ టన్నెల్ గాలి ఒకటి కాదు.

రెండోది కంటికి కనిపించడం. ఫాస్ఫేట్ పట్టిన ఇనుము సమంగా బూడిద రంగులోకి మారుతుంది. ఎక్కడైనా పట్టకపోతే పౌడర్ బూత్ దగ్గర నిలబడ్డ మనిషి చూసి తీసేస్తాడు. ఇది ఏ కంట్రోల్ ప్లాన్‌లోనూ రాసి లేని తనిఖీ, కానీ రోజూ జరిగే తనిఖీ. జిర్కోనియం పొర లేత నీలమో లేత బంగారు రంగో, లైటు సరిగా లేకపోతే అసలు కనిపించదు. మార్పుతో పాటు ఆ మనిషి కన్ను పోతుంది. దాని స్థానంలో ఏదో పెట్టాలి. గంటకోసారి ఒక ప్యానెల్‌ని ఎక్స్‌ఆర్ఎఫ్ మీటర్‌తో కొలిచి జిర్కోనియం బరువు రాయడం పెట్టాం. దానికన్నా చవకైనది, నా దృష్టిలో దానికన్నా పనికొచ్చేది, వాటర్ బ్రేక్ పరీక్ష. కడిగాక భాగం మీద నీరు తెగకుండా ఒకే పొరలా నిలిస్తే జిడ్డు పోయినట్టు, బొట్లుగా విడిపోతే ఇంకా ఉన్నట్టు. మిగిలిన కాస్త జిడ్డుని ఫాస్ఫేట్ ఏదోలా సర్దుకునేది, పలచటి జిర్కోనియం సర్దుకోదు.

మూడోది వ్యర్థ నీరు. నికెల్ పోతుంది, ఫాస్ఫేట్ పోతుంది, నిజమే. కానీ జిర్కోనియం బాత్‌లో ఫ్లోరైడ్ ఉంటుంది. ఫ్లోరైడ్‌ని దించాలంటే సున్నం వేసి కాల్షియం ఫ్లోరైడ్‌గా అడుగుకి చేర్చాలి. ఈ ఫ్యాక్టరీ శుద్ధి ప్లాంట్‌లో పీహెచ్ సర్దడానికి కాస్టిక్ సోడా వాడుతున్నారు. కాస్టిక్ పీహెచ్‌ని పెంచుతుంది గానీ ఫ్లోరైడ్‌ని పట్టుకోదు. "పర్యావరణం: మెరుగుపడుతుంది" అన్న పాత గడి తప్పు కాదు, సగమే రాసింది. దానికి సున్నపు డోసింగ్, ఫ్లోరైడ్ కొలత చేర్చాం.

ఇక రోల్‌బ్యాక్. దీనికే ఎక్కువ సమయం పట్టింది. ముందుగా యంత్రం వెనక్కి రావడాన్ని, సరుకు వెనక్కి రావడాన్ని విడదీశాం. సాఫ్ట్‌వేర్‌లో పాత వెర్షన్ పెడితే పని అయిపోతుందేమో గానీ, ఇక్కడ టన్నెల్ పాత పద్ధతికి వెళ్లినా కొత్త పద్ధతిలో తయారైన బ్రాకెట్లు గోదాములోనో, లారీలోనో, కొనుగోలుదారు అసెంబ్లీలోనో ఉంటాయి.

యంత్రం వైపు, పాత బాత్‌ని పారబోయకూడదని నిర్ణయించాం. ఒక రోజు కదలకుండా ఉంచి, స్లడ్జ్ దిగాక, పైన తేటగా ఉన్న ద్రావణాన్ని యాసిడ్ తట్టుకునే స్పేర్ ట్యాంకులోకి పంప్ చేసి దాచాలి. నిల్వలో యాక్సిలరేటర్ చచ్చిపోతుంది, కానీ అది వాడేటప్పుడు ఎలాగూ కలుపుతూ ఉండేదే. యాక్టివేషన్ ద్రావణం మాత్రం దాచినా పాడవుతుంది కాబట్టి దాని పొడి సంచులు స్టోర్‌లో ఉండాలి. అలా ఉంటే తిరిగి వెళ్లడం రెండు షిఫ్టుల పని, పైన సర్దుబాటుకి ఇంకో షిఫ్టు.

ఈ అంచనాని నేను నమ్మలేదు, కాబట్టి ప్లాన్‌ని ముందే రిహార్సల్ చేయమన్నాను. ఫాస్ఫేట్ ఇంకా నడుస్తున్న రోజుల్లోనే ఒక సెలవు రోజు బాత్‌ని స్పేర్ ట్యాంకుకి పంపి, మళ్లీ వెనక్కి తెచ్చాం. వెళ్లడం రెండు గంటలు అనుకున్నది ఆరు గంటలు పట్టింది. ట్యాంకు అడుగు వాల్వ్ స్లడ్జ్‌తో బిగుసుకుపోయి సగమే తెరుచుకుంది. దాన్ని మార్చడం, చూషణ గొట్టాన్ని అడుగు నుంచి ఎత్తి పెట్టడం మార్పు కన్నా ముందు చేయాల్సిన పనుల జాబితాలో చేరాయి. అసలు రోజు ఇది బయటపడి ఉంటే టెన్షన్‌లో యాసిడ్ ద్రావణం ఉన్న వాల్వ్‌ని ఎవరో సుత్తితో కొట్టేవారు.

తిరిగి రాలేని గీత ఎక్కడ అన్నది తర్వాతి ప్రశ్న. మేనేజ్‌మెంట్ ఒక తేదీ అడిగింది, స్పేర్ ట్యాంక్ ఇంకో పనికి కావాలి. తేదీ ఇవ్వలేదు. మూడు వేర్వేరు లాట్ల 500 గంటల ఫలితాలు చేతికొచ్చి, వాటిలో కనీసం ఒకటి ఎర్ర ట్యాగ్ కట్టి మళ్లీ తిప్పిన భాగాలది అయ్యేదాకా పాత బాత్‌ని వదలకూడదని రాశాం. ఆ చివరి షరతు మీద అభ్యంతరం వచ్చింది, లైన్ ఆగకపోతే ఆ లాట్ ఎప్పటికి వస్తుందని. రాకపోతే కావాలని ఆపండి అన్నాను. రెండో రోజే ఆపారు.

సరుకు వైపు, పెయింట్ వేసిన బ్రాకెట్‌ని వెనక్కి తేవాలంటే పెయింట్ కాల్చాలి లేదా రసాయనంతో ఊడదీయాలి. పలచటి రేకు భాగాలు కాల్చే ఓవెన్‌లో వంకర పోతాయి. కాబట్టి అసలు బయటకు వెళ్లకుండా ఉంచడమే దారి. మార్పుకి ముందు ఓవర్‌టైమ్ నడిపి మూడు వారాలకు సరిపడా ఫాస్ఫేట్ సరుకు నిల్వ చేసి, జిర్కోనియం సరుకుని ఫలితం వచ్చేదాకా గోదాములో విడిగా పెట్టాలి. నెమ్మదిగా పోయే భాగాలకు ఇది కుదిరింది. వేగంగా పోయే రెండు భాగాలకు లైన్ సామర్థ్యం చాలలేదు, పది రోజుల నిల్వే కట్టగలిగాం. వాటికి 240 గంటల మధ్యంతర ఫలితం చూసి విడుదల చేయాలని, ఆ రిస్క్‌ని కొనుగోలుదారు ముందే రాతపూర్వకంగా ఒప్పుకోవాలని పెట్టాం. వాహన రంగానికి సరుకు ఇచ్చేవాళ్లు ఇలాంటి ప్రాసెస్ మార్పుని కొనుగోలుదారుకి ముందుగా చెప్పి ఆమోదం తీసుకోవాల్సిందే, భాగాల ఆమోదానికి ఆ రంగం పాటించే పీపీఏపీ పద్ధతి నియమమే అది. అందుకని ఆ సంభాషణ ఎలాగూ తప్పదు, వివరాలతో చేయడం మేలు.

చివరగా, ఎప్పుడు ఆపాలి, ఎవరు ఆపాలి. మొదటిసారి రోజున్నర పోయింది ఇక్కడే. పత్రంలో ఆ భాగం ఇలా ఉంది:

"కింది వాటిలో ఏది కనిపించినా షిఫ్ట్ ఇన్‌చార్జ్ ఎవరినీ అడగకుండా లోడింగ్ ఆపాలి. ఓవెన్ తర్వాత, పౌడర్‌కి ముందు, తెల్ల గుడ్డతో రాస్తే పసుపు అంటడం. వరుసగా రెండు ప్యానెళ్లలో జిర్కోనియం బరువు కింది హద్దుకన్నా తగ్గడం. జిర్కోనియం ముందున్న చివరి కడుగు నీటి కండక్టివిటీ హద్దు దాటడం. ఆపిన నాలుగు గంటల్లో కారణం దొరికి సరిచేస్తే కొనసాగింపు. లేకపోతే ప్లాంట్ హెడ్ రోల్‌బ్యాక్ మొదలుపెట్టాలి. అదే షిఫ్టులో రెండోసారి ఆగితే నాలుగు గంటలు ఎదురుచూడకుండా రోల్‌బ్యాక్."

ఇందులో సాల్ట్ స్ప్రే లేకపోవడం చూసి క్వాలిటీ హెడ్‌కి మొదట నచ్చలేదు. ఆమెకు చెప్పింది ఒకటే: మూడు వారాల తర్వాత వచ్చే సమాధానం సరుకుని విడుదల చేయడానికి పనికొస్తుంది, లైన్ ఆపడానికి పనికిరాదు. ఆపడానికి వాడేది అదే షిఫ్టులో చేతికి తెలిసేది అయి ఉండాలి. తెల్ల గుడ్డ పరీక్షకి ఏ ప్రమాణమూ లేదు. అయినా మొదటిసారి నిజం చెప్పింది ఒక వేలే కాబట్టి దాన్నే నియమం చేశాం. ఆపే అధికారం షిఫ్ట్ ఇన్‌చార్జ్‌కి, వెనక్కి వెళ్లే అధికారం ప్లాంట్ హెడ్‌కి అని విడగొట్టడం వల్ల ఇన్‌చార్జ్‌కి భయం తగ్గింది. ఆపినంత మాత్రాన వారం పని పాడు చేశాడన్న మాట పడదు.

రెండోసారి మారాక మొదటి వారంలో లోడింగ్ రెండుసార్లు ఆగింది. ఒకసారి కండక్టివిటీ పెరిగింది, నీటిలోని లవణాలను తీసే డీఐ రెజిన్ అయిపోయింది, రెండు గంటల్లో సరిచేశారు. ఇంకోసారి గుడ్డకి పసుపు అంటింది. చూస్తే ఒక మిస్ట్ నాజిల్ మూసుకుపోయి ఉంది. ఆ రెండుసార్లూ అప్పటికే టన్నెల్ దాటిన భాగాలు ట్యాగ్‌తో పక్కకు వెళ్లాయి, లైన్ నడిచింది. రోల్‌బ్యాక్ అవసరం పడలేదు. మూడు లాట్లూ 500 గంటలు దాటాక స్పేర్ ట్యాంకులోని ఫాస్ఫేట్‌ని శుద్ధి ప్లాంట్‌కి వదిలారు.

ఒకటి మాత్రం తేలకుండా మిగిలింది. ఆక్సిజన్‌తో లేజర్ కట్ చేసిన అంచుల మీద ఆక్సైడ్ పొలుసు ఉంటుంది. జిర్కోనియం దాని మీదే పడుతుంది, తర్వాత ఆ పొలుసుతో పాటు పెయింట్ ఊడుతుంది. ఫాస్ఫేట్ ఉన్నప్పుడూ ఈ అంచులు బలహీనమే, ఇప్పుడు ఇంకొంచెం. నైట్రోజన్‌తో కట్ చేస్తే పొలుసు రాదు, కానీ కట్టింగ్ ఖర్చు పెరుగుతుంది, కొన్ని మందాల్లో అంచు తీరు మారుతుంది. దాన్ని ఇదే చేంజ్ రిక్వెస్ట్‌లో కలపమని ఒత్తిడి వచ్చింది. ఒప్పుకోలేదు. రెండూ కలిస్తే సాల్ట్ స్ప్రేలో ఫెయిలైన భాగం దేనివల్ల ఫెయిలైందో చెప్పలేం, దేన్ని వెనక్కి తిప్పాలో అంతకన్నా చెప్పలేం. దానికి విడిగా ఇంకో పత్రం తయారవుతోంది, దాని రోల్‌బ్యాక్ పేజీ ఇంకా ఖాళీగానే ఉంది.